స్టాంపు కాగితంతో తెగని చర్చి పెళ్లి

తెనాలి, నరసరావుపేట వైపు క్రైస్తవ కుటుంబాల్లో భార్యాభర్తల గొడవ ముదిరితే ముందు పాస్టరు గారి దగ్గరికి, తర్వాత సంఘ పెద్దల దగ్గరికి వెళ్తుంది. అక్కడా కుదరకపోతే స్టాంపు కాగితం మీద ‘ఇకపై మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు, ఎవరి దారి వారిది’ అని రాయించి, అటూ ఇటూ సాక్షుల చేత సంతకాలు పెట్టిస్తారు. పెళ్లిలో పెట్టిన బంగారం, సామాను లెక్క చూసి తిరిగి ఇచ్చేస్తారు. ఆ కాగితాన్ని బీరువాలో దాచుకుని, విడాకులు అయిపోయాయని నమ్మేవాళ్లున్నారు. కానీ చట్టం దృష్టిలో వాళ్లు ఇంకా భార్యాభర్తలే. ఆ ధీమాతో ఇంకో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం కూడా.

హిందువుల్లో కొన్ని కులాలకు పెద్దల సమక్షంలో తెగతెంపులు చేసుకునే ఆచారం ఉంది. అలాంటి ఆచారం ఉందని రుజువు చేయగలిగితే హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ దాన్ని ఒప్పుకుంటుంది. ముస్లింలలో ఖులా లాంటివి కోర్టు బయటే జరుగుతాయి. క్రైస్తవులకు మాత్రం అలాంటి పక్కదారి లేదు. వాళ్లకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. దాని ప్రకారం పెళ్లిని రద్దు చేసే అధికారం కోర్టుకు తప్ప ఎవరికీ లేదు. కేథలిక్ చర్చి ట్రిబ్యునల్ పెళ్లి చెల్లదని ప్రకటించినా, దానికి పౌర చట్టం ముందు విలువ లేదని సుప్రీంకోర్టు 1996లో మోలీ జోసెఫ్ కేసులో తేల్చి చెప్పింది.

ఇంగ్లండు నమూనాలో తయారైన ఈ చట్టం నూట ముప్పై ఏళ్ల పాటు ఆడవాళ్లకు అన్యాయమే చేసింది. భార్య పరాయి మగవాడితో సంబంధం పెట్టుకుందని రుజువైతే భర్తకు విడాకులు దొరికేవి. భార్యకు అది చాలేది కాదు. భర్త వ్యభిచారానికి తోడు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో కూడా ఆమె చూపించాలి. రోజూ కొట్టినా, కేవలం కొట్టాడన్న కారణంతో విడాకులు లేవు. అన్నీ రుజువై జిల్లా కోర్టు డిక్రీ ఇచ్చినా, హైకోర్టులో ముగ్గురు జడ్జీలు దాన్ని ఖరారు చేసేదాకా పెళ్లి నిలిచే ఉండేది. 2001లో పార్లమెంటు చేసిన సవరణ ఈ తేడాలను చాలావరకు తీసేసింది.

ఇప్పుడు భార్యకైనా భర్తకైనా కారణాలు ఒకటే. వ్యభిచారం, క్రూరత్వం, కనీసం రెండేళ్లు వదిలేసి పోవడం, క్రైస్తవం వదిలి వేరే మతంలోకి మారడం, నయం కాని మతిస్థిమితలోపం, కావాలని కాపురానికి ఒప్పుకోకపోవడం, ఏడేళ్లుగా బతికున్న జాడ లేకపోవడం ముఖ్యమైనవి. భార్యకు అదనంగా, భర్త అత్యాచారం వంటి నేరం చేశాడన్న కారణమూ ఉంది. కుష్ఠువ్యాధిని 2019లో జాబితా నుంచి తీసేశారు. చూడ్డానికి హిందూ చట్టం జాబితా లాగే ఉంటుంది కానీ, వివరాల్లోకి వెళ్తే తేడాలు కనిపిస్తాయి. క్రూరత్వం విషయంలో హిందూ చట్టం ‘క్రూరంగా చూస్తే’ అని ఊరుకుంది. క్రైస్తవ చట్టం మాత్రం ఈ మనిషితో కాపురం చేస్తే తనకు హాని అన్న సహేతుకమైన భయం కలిగించేంత క్రూరత్వం ఉండాలంటుంది. కాబట్టి పిటిషన్‌లో ‘వేధిస్తున్నాడు’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ రోజు ఏం జరిగింది, ఏ ఆస్పత్రికి వెళ్లారు, ఎవరికి చెప్పారు అన్నవి రాయాలి.

వ్యభిచారం ఆరోపిస్తే మరో చిక్కు. సంబంధం ఉందంటున్న మూడో మనిషిని కూడా కేసులో ప్రతివాదిగా చేర్చాలని చట్టంలోనే ఉంది. ఆ వ్యక్తి చనిపోయినా, ఎంత వెతికినా పేరు తెలియకపోయినా కోర్టు మినహాయింపు ఇవ్వవచ్చు. ఊళ్లో అందరికీ తెలిసిన పేరే అయినా, ఆ పేరు కోర్టు కాగితాల్లో ఎక్కించడానికి చాలామంది వెనకాడతారు. అందుకే అసలు కారణం అదే అయినా పిటిషన్ క్రూరత్వం మీద వేసేవాళ్లుంటారు.

భరణంలోనూ ఒక తేడా ఉంది. హిందూ చట్టంలో సంపాదన లేని భర్త కూడా భార్య నుంచి భరణం అడగవచ్చు. క్రైస్తవ చట్టంలో ఆ హక్కు భార్యకే. కేసు నడుస్తుండగా ఆమె అడిగే ఖర్చులు, మనోవర్తి గురించి భర్తకు నోటీసు అందిన అరవై రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని కూడా చట్టం చెబుతోంది.

ఇద్దరూ ఇష్టపడి విడిపోవడానికి వీలు కల్పించే 10ఎ సెక్షన్ కూడా 2001లో వచ్చిందే. హిందువులు, స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లాడినవాళ్లు ఏడాది విడిగా ఉంటే ఈ దారిన కోర్టుకు వెళ్లవచ్చు. క్రైస్తవులకు రెండేళ్లు పెట్టారు. ఒకే దేశంలో, ఒకే ఫ్యామిలీ కోర్టులో, చర్చిలో పెళ్లి చేసుకున్నందుకు ఇంకో ఏడాది ఎందుకు ఆగాలో నాకైతే ఇప్పటికీ బోధపడదు. కేరళ హైకోర్టుకూ బోధపడలేదు. 2010లో అది ఆ రెండేళ్లను ఏడాదిగా చదువుకోవాలంది. కర్ణాటక హైకోర్టూ అదే దారి పట్టింది. 2022 డిసెంబరులో కేరళ హైకోర్టు ఆ ఏడాది షరతు కూడా రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అయినా చట్టం పాఠంలో ‘రెండేళ్లు’ అన్న మాట చెక్కుచెదరలేదు. ఏడాదికే పిటిషన్ వేయదలిస్తే ఈ తీర్పులను ముందు పెట్టి వాదించుకోవాలి. వాదన లేకుండా బయటపడాలంటే రెండేళ్లు నిండనివ్వడమే క్షేమం.

ఒక ఉదాహరణ చూద్దాం. 2021 జనవరిలో గుంటూరులో చర్చి పెళ్లి చేసుకున్న జంట 2023 జూన్‌లో విడిపోయిందనుకోండి. పెద్దలు అప్పుడే స్టాంపు కాగితం రాయించారు. అది విడాకులు కాకపోయినా, ఏ తేదీ నుంచి విడిగా ఉంటున్నారో చెప్పే సాక్ష్యంగా పనికొస్తుంది. 2025 జూన్‌తో రెండేళ్లు నిండాయి. జులైలో ఇద్దరూ కలిసి ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేశారు. దానికి చర్చి పెళ్లి రిజిస్టర్ నకలు, పెళ్లి ఫొటోలు, ఆధార్ కార్డులు జతచేశారు. పాప తల్లి దగ్గర ఉంటుందని, భర్త ఒకేసారి ఎంత ఇస్తాడని, బంగారం ఎవరిదని షరతులు రాసుకున్నారు. ఆర్నెల్ల తర్వాత, అంటే 2026 జనవరి నుంచి, ఇద్దరూ మళ్లీ కోర్టుకు వచ్చి ‘మా మాట మారలేదు’ అని చెప్పాలి. పిటిషన్ వేసిన పద్దెనిమిది నెలల్లోగా, అంటే 2027 జనవరిలోపు, అది జరగాలి. ఈ మధ్యలో ఒకరు మనసు మార్చుకుంటే పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. ఈ ఆర్నెల్ల గడువును తగిన కేసుల్లో మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది గానీ, ఆ తీర్పు హిందూ చట్టం మీద వచ్చింది. దాన్ని నమ్ముకుని రెండో పెళ్లి తేదీ ముందే ఖాయం చేసుకోవద్దు.

మన రాష్ట్రాల్లో ఎక్కువ తలనొప్పి తెచ్చేది, అసలు ఏ చట్టం కింద వెళ్లాలన్న ప్రశ్న. ఆదివారం చర్చికి వెళ్తారు, పెళ్లి పాస్టరు గారు చేశారు, కానీ కుల ధ్రువీకరణ పత్రంలో హిందూ అని ఉంటుంది. విడాకుల చట్టం కింద ఉపశమనం కావాలంటే పిటిషన్ వేసే నాటికి ఇద్దరిలో కనీసం ఒకరు క్రైస్తవ మతాన్ని అనుసరిస్తూ ఉండాలి. పొరపాటున హిందూ చట్టం కింద వేస్తే, ‘మేం బాప్తిస్మం తీసుకున్నాం, ఈ కోర్టు ఈ చట్టం కింద విడాకులివ్వలేదు’ అని ఎదుటివారు లేచి నిలబడవచ్చు. ఏళ్లు గడిచాక ఆ మాట తేలితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు పెళ్లి సర్టిఫికెట్, ఇద్దరి బాప్తిస్మ పత్రాలు, కుల పత్రాలు అన్నీ పట్టుకెళ్లి, వాటిలో పొంతన లేని సంగతి మీరే ముందు చెప్పండి.

కేథలిక్కులకు ఇంకో మెట్టు ఉంది. కోర్టు డిక్రీ చేతికొచ్చినా చర్చి దృష్టిలో పెళ్లి నిలిచే ఉంటుంది. మళ్లీ చర్చిలో పెళ్లి చేసుకోవాలంటే మేత్రాసన ట్రిబ్యునల్ మొదటి పెళ్లి ఆది నుంచీ చెల్లలేదని ప్రకటించాలి. ఇదివరకు ఆ తీర్పును రెండో ట్రిబ్యునల్ కూడా సమర్థించాల్సి వచ్చేది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఆ నియమాన్ని తీసేశారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఇలాంటి ట్రిబ్యునల్ లేదు. అక్కడ రెండో పెళ్లికి పాస్టరు గారు ముందుగా అడిగి చూసుకోవాల్సింది కోర్టు డిక్రీ నకలే.