మీకు తెలుసా? ప్లాస్టిక్ కన్నా మెగ్నీషియమే తేలిక!

లోహమంటే బరువు, ప్లాస్టిక్ అంటే తేలిక. ల్యాప్‌టాప్ మూత దగ్గర ఈ లెక్క తప్పుతుంది. 33 సెంటీమీటర్ల పొడవు, 22 సెంటీమీటర్ల వెడల్పున్న మూతను ఒక మిల్లీమీటరు మందంలో అల్యూమినియంతో చేస్తే సుమారు 195 గ్రాములు తూగుతుంది. మెగ్నీషియం మిశ్రమంతో చేస్తే 130. అంత పలుచని ప్లాస్టిక్ చేత్తో పట్టుకుంటేనే వంగిపోతుంది కాబట్టి మందం రెట్టింపు చేశారనుకోండి, 165 దాటిపోతుంది. రోజూ భుజాన మోసేవాళ్లకు మెగ్నీషియం అందుకే ముద్దు.

అయితే ముత్తుకూరు, మైపాడు, విడవలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాళ్లు కొంచెం ఆగాలి. వస్తువుల తయారీకి వాడే లోహాల్లో ఉప్పుగాలికి అన్నిటికన్నా త్వరగా లొంగేది మెగ్నీషియమే. పైన రంగు ఉన్నంతకాలం ఫర్వాలేదు. తంటా అంతా స్క్రూల దగ్గర. ఉక్కు స్క్రూ, మెగ్నీషియం, ఉప్పుతేమ కలిస్తే అక్కడే ఓ చిన్న బ్యాటరీ తయారై మెగ్నీషియాన్ని కరిగించేస్తుంది. నెలకోసారి అడుగుభాగం తిప్పి చూడండి. స్క్రూ చుట్టూ రంగు పొక్కిందా, గోటితో గీకితే తెల్లపొడి రాలిందా, తినడం మొదలైనట్టే. ఆ తర్వాత స్క్రూ పట్టు దొరక్క ఊరికే తిరుగుతుంది.

అల్యూమినియం తనకు తానే ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది, కంపెనీవాళ్లు ఆ పొరను ఇంకా మందం చేస్తారు. చెమట, ఉప్పు కలిసి మణికట్టు ఆనేచోట సూదిగుచ్చినట్టు గుంటలు పెట్టొచ్చు. చూడ్డానికి బాగోదు, అంతే. కిందపడితే మాత్రం మూల సొట్టపోతుంది. వేడిని అది మెగ్నీషియం మిశ్రమం కన్నా దాదాపు రెట్టింపు వేగంగా బయటికి లాగుతుంది. చల్లబడటానికి మంచిదే, ఒళ్లో పెట్టుకుంటే తొడలకు తెలుస్తుంది. స్టీలు గ్లాసులో కాఫీకీ ప్లాస్టిక్ కప్పులో కాఫీకీ చేతికి తెలిసే తేడానే ఇక్కడా.

ప్లాస్టిక్‌ను ఉప్పు ఏమీ చేయలేదు. దాని బలహీనత హింజ్. లోపల ప్లాస్టిక్‌లో దిగేసిన ఇత్తడి నట్లు రోజూ తెరిచి మూయడంతో వదులై ఊడొస్తాయి. మూత తెరిచేటప్పుడు మూలన సందు కనిపిస్తే బలవంతంగా తెరవకుండా వెంటనే షాపుకివ్వాలి. చెరువు గట్టున పనికి, నన్నడిగితే, హింజ్ గట్టిగా ఉన్న ప్లాస్టిక్కే చాలు.

ఫ్యాన్ పీల్చే గాలి మాత్రం మూడింట్లోనూ మదర్‌బోర్డు దాకా పోతుంది. అందుకే ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి తెచ్చిన వెంటనే మెషీన్ తెరవొద్దు. చల్లటి ఒంటిమీద, లోపల కూడా నీరు పడుతుంది. అరగంట సంచిలోనే ఉంచి, అప్పుడు ఆన్ చేయండి.