చెయ్యెత్తితే చెయ్యెత్తే రోబో

లాప్‌టాప్ కెమెరా ముందు నిలబడి ఒకాయన నమస్కారం పెట్టాడు. బల్ల మీదున్న నావో రోబో కూడా చేతులు కదిపింది. కానీ ఆ చేతులు గుండె దాకా రాలేదు. పొట్ట ఎత్తులోనే ముందుకు చాచి ఆగిపోయాయి. దణ్ణం పెడుతున్నట్టు లేదు, ఎవరికో పళ్లెం అందిస్తున్నట్టుంది. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. దాని మోచెయ్యి అంతకన్నా మడవదు, అంతే.

నావో అంటే ఫ్రాన్స్‌లోని ఆల్డెబరాన్ సంస్థ తయారుచేసిన మనిషి రూపపు రోబో. ఎత్తు 58 సెంటీమీటర్లు. 2008 నుంచి రోబోకప్ ఫుట్‌బాల్ పోటీల్లో ఆడుతోంది. ప్రపంచవ్యాప్తంగా ఎన్నో విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో కనిపిస్తుంది. మనిషిని చూసి చేతులాడించడం దానితో విద్యార్థులు చేసే ప్రాజెక్టుల్లో ఒకటి. ఒకప్పుడు ఇందుకు లోతును కొలిచే కినెక్ట్ లాంటి ప్రత్యేక కెమెరా కావాల్సి వచ్చేది. ఇప్పుడు మామూలు వెబ్‌క్యామ్ చాలు. గూగుల్ వాళ్ల మీడియాపైప్ సాఫ్ట్‌వేర్ వీడియోలోని మనిషి ఒంటి మీద 33 బిందువులు గుర్తిస్తుంది. అవి కూడా తెరమీది చుక్కలుగానే కాదు; రెండు తుంటి ఎముకల మధ్య చోటును సున్నా అనుకుని, అక్కడినుంచి ప్రతి బిందువు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో అంచనా కట్టి చెబుతుంది. ఒక చేతికి మనకు కావలసినవి మూడే: భుజం, మోచెయ్యి, మణికట్టు. ఒళ్లు ఎటు తిరిగి ఉందో తెలియడానికి రెండో భుజమూ తుంటీ తోడవుతాయి.

మణికట్టు ఎక్కడుందో తెలిసింది కదా, రోబో చేతిని కూడా అక్కడికే పంపితే పోలేదా? పోదు. నావో చెయ్యి భుజం నుంచి అరచేతి దాకా 22 సెంటీమీటర్లే. మనిషి చెయ్యి దానికి రెండింతల పైనే ఉంటుంది. అందుకే దూరాలు వదిలేసి కోణాలు తీసుకుంటారు. చెయ్యి పొడుగుదైనా పొట్టిదైనా మడత మడతే కదా.

ఆ కోణాలు ఒక్కో చేతికి నాలుగు. భుజం దగ్గర రెండు మోటార్లున్నాయి: ఒకటి చేతిని ముందునుంచి పైకీ కిందికీ తిప్పుతుంది, రెండోది పక్కకు లేపుతుంది. మోచేతి దగ్గర ఇంకో రెండు. ఒకటి మడుస్తుంది, మరొకటి, మడిచిన ముంజేతిని ముందుకు చాపాలా, పొట్ట మీదుగా లోపలికి తేవాలా అన్నది నిర్ణయిస్తుంది.

వీటిలో తేలికైనది మడత. భుజం నుంచి మోచేతికి ఒక బాణం, మోచేతినుంచి మణికట్టుకు మరో బాణం గీసుకుని, రెండింటి మధ్య కోణం చూడాలి. చెయ్యి తిన్నగా ఉంటే రెండూ ఒకే దిక్కు చూపిస్తాయి, కోణం సున్నా. దండచెయ్యి కిందికి వేలాడుతూ ముంజేయి సరిగ్గా ముందుకు ఉంటే 90 డిగ్రీలు. నావో మోచేతి హద్దులు 2 నుంచి 88.5 డిగ్రీలు. కాబట్టి 90 వచ్చినా 88.5 దగ్గర కత్తిరించి, దాన్ని రేడియన్లలోకి మార్చి పంపాలి:

```python
motion.setAngles("RElbowRoll", 1.54, 0.2)
```

చివరనున్న 0.2 అంటే మోటారు గరిష్ఠ వేగంలో ఐదో వంతు. నమస్కారంలో మనిషి మోచెయ్యి 90 దాటి బాగా మడుచుకుంటుంది. రోబో 88.5 దగ్గర ఆగుతుంది. ఆ పళ్లెం భంగిమ రహస్యం ఇదే.

హద్దులు కనీసం ముందే తెలుస్తాయి. అసలు తలనొప్పి తిన్నగా చాచిన చేతితో. చెయ్యి చాచినప్పుడు, మోచేతిని తిప్పే మోటారు ఏ కోణంలో ఉండాలి? జవాబు లేదు. మడతే లేనప్పుడు అది ఎటువైపు మడత అని అడిగితే ఏం చెబుతాం? కానీ లెక్కకు ఆ సంగతి తెలియదు. మణికట్టు బిందువు సెంటీమీటరు అటూ ఇటూ వణికితే చాలు, ఒకసారి 80 అంటుంది, మరుక్షణం మైనస్ 60 అంటుంది. చూసేవాళ్లకు మాత్రం, మనిషి కదలకుండా చేతులు చాచి నిలబడితే రోబో ముంజేతులు జ్వరం వచ్చినట్టు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. మందు చిన్నదే: మడత 15 డిగ్రీలకన్నా తక్కువుంటే ఆ మోటారుకు కొత్త కోణం పంపకుండా పాతదాన్నే ఉంచెయ్యాలి.

ఇలాంటిదే భుజం దగ్గరా ఉంది, దానికి ఇంత తేలిక మందు లేదు. మనిషి చేతిని పక్కనుంచి గుండ్రంగా తలపైకి లేపాడనుకుందాం. చెయ్యి భుజం ఎత్తుకు ఒక్క వేలు కింద ఉన్నంతసేపూ మొదటి మోటారు కోణం 90. అంటే కిందివైపు. భుజం ఎత్తును ఒక్క వేలు దాటగానే అదే కోణం మైనస్ 90 అవుతుంది, అంటే పైవైపు. మనిషి చెయ్యి బెత్తెడు కూడా కదల్లేదు, లెక్క మాత్రం 180 డిగ్రీలు గెంతింది. పైగా నావో చెయ్యి పక్కకు పూర్తిగా రాదు, 76 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అందుకని అది అయిదు సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఓ అర్ధవృత్తం ముందువైపు గీసి, అప్పుడు పైకి పోతుంది. మొదటిసారి చూసినవాళ్లు మోటారు పాడైందేమోనని కంగారుపడతారు. ఆ చోట మొదటి మోటారు వేగం బాగా తగ్గిస్తే గెంతు కాస్తా నింపాదైన మలుపుగా మారుతుంది. అంతకుమించి చేయగలిగింది పెద్దగా లేదు, ఆ భుజం కట్టుబడే అంత.

వణుకు సంగతి మరో మాట. కెమెరా సెకనుకు 30 ఫ్రేములు ఇస్తుంటే, అయిదేసి ఫ్రేములకు సగటు తీస్తే వణుకు తగ్గుతుంది. దానికి మూల్యం ఆలస్యం: రోబో రెండు ఫ్రేములు, అంటే సుమారు 67 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. మోటారు కదలడానికి పట్టే సమయం దీనికి అదనం. 2012లో కాసియే, రూసెల్, వోగెల్ అనే పరిశోధకులు ‘వన్ యూరో ఫిల్టర్’ అనే ఉపాయం ప్రతిపాదించారు. చెయ్యి నెమ్మదిగా ఉన్నప్పుడు గట్టిగా వడగడుతుంది, వేగంగా కదిలేటప్పుడు వదులు చేస్తుంది. వణుకు కళ్లకు ఆనేది చెయ్యి ఆగి ఉన్నప్పుడు, ఆలస్యం ఆనేది విసిరినప్పుడు. ఈ రెండింటినీ పట్టుకున్న ఉపాయమిది.

ఎంత వడగట్టినా నయం కానిది ఒకటుంది: చేతిని సూటిగా కెమెరా వైపు చాపడం. అప్పుడు భుజం, మోచెయ్యి, మణికట్టు చిత్రంలో ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. ఒంటికన్ను కెమెరాకు లోతు కనబడదు, ఊహించాల్సిందే. ఊహ చెడిందో లేదో పట్టుకునే దారి ఉంది. భుజం నుంచి మోచేతి దాకా పొడవును ఫ్రేము ఫ్రేముకూ లెక్కవేస్తూ ఉండాలి. ఎముక సాగదు కదా. 28 సెంటీమీటర్ల దండచెయ్యి ఉన్నట్టుండి 20 అయిందంటే ఆ ఫ్రేమును పారెయ్యాలి.

మళ్లీ ఆ నమస్కారం దగ్గరికి. కోణాలు తుచ తప్పకుండా అనుకరించాలన్న పట్టు వదిలేస్తే అదీ కుదురుతుంది. మోచేతిని 88.5 దగ్గరే ఉంచి, దండచేతిని ముందుకు 40 డిగ్రీలు లేపితే ముంజేయి కూడా దాదాపు అంతే పైకి లేస్తుంది, అరచేతులు గుండె ఎత్తుకు వస్తాయి. మనిషి మోచేతులు పక్కటెముకలకు ఆనుకుని ఉంటే రోబోవి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. పక్కనుంచి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు మాత్రం అది నమస్కారమే.