గేటుకు తాళం వేసే హక్కు ఓనరుకు ఉందా?

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్ల చేతికి వచ్చే అగ్రిమెంటులో చివరి పేజీని తీరిగ్గా చదివేవాళ్లు తక్కువ. అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు ముందు పేజీల్లోనే తేలిపోతాయి. ఆ తర్వాతే వస్తాయి అసలు షరతులు. ఇంట్లో సిగరెట్ కాల్చకూడదు. చుట్టాలు మూడు రోజులకు మించి ఉండకూడదు. రాత్రి పదిన్నరకు గేటు మూసేస్తారు. సంతకం పెట్టే రోజు ఇవన్నీ మామూలు మాటల్లాగే ఉంటాయి. గొడవ వచ్చిన రోజున మాత్రం రెండు వైపులా ఒకటే ప్రశ్న. ఈ షరతు తప్పినందుకు ఇల్లు ఖాళీ చేయించవచ్చా?

హైదరాబాద్‌లో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు పాత అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. అంటే ఇవాళ అద్దెకిచ్చే ఇళ్లలో చాలావాటికి దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. ఆంధ్రప్రదేశ్‌లో అద్దెలకు 2017లో వేరే చట్టం వచ్చింది కాబట్టి అక్కడివాళ్లు దాన్ని కూడా చూసుకోవాలి.

మాదాపూర్‌లో ఒక డబుల్ బెడ్రూం ఇల్లు తీసుకుందాం. అద్దె 22 వేలు, గడువు 11 నెలలు, పైన చెప్పిన మూడు షరతులూ రాసుకున్నారు. నాలుగో నెలలో బాల్కనీలో సిగరెట్ పీకలు ఓనరు కంట పడ్డాయి. వెంటనే ఆయన ‘షరతు తప్పారు, నెలాఖరుకు ఖాళీ చేయండి’ అన్నారు. ఈ మాట చెల్లుతుందా?

అది ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 111(జి) ప్రకారం, గడువు మధ్యలో షరతు తప్పినందుకు కౌలు రద్దు కావాలంటే, ‘ఈ షరతు తప్పితే ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకునే హక్కు ఓనరుకు ఉంటుంది’ అని అగ్రిమెంటులో స్పష్టంగా రాసి ఉండాలి. ‘సిగరెట్ కాల్చరాదు’ అని మాత్రమే రాస్తే అది అద్దెకున్నవాళ్లు ఇచ్చిన మాట అవుతుంది. దాన్ని తప్పితే గోడలకు పట్టిన మసికీ వాసనకీ నష్టపరిహారం అడగవచ్చు గానీ, గడువు ముగియకుండా ఖాళీ చేయించడం కుదరదు. మార్కెట్లో దొరికే రెడీమేడ్ అగ్రిమెంట్లలో స్వాధీనం మాట చాలాసార్లు అద్దె బకాయికే పరిమితమై ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. రిజిస్టర్ చేయించాల్సిన అగ్రిమెంటును చేయించకపోతే, అందులోని షరతులను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

స్వాధీనం వాక్యం ఉందనే అనుకుందాం. అప్పుడు కూడా ఓనరు నోటిమాట చాలదు. సెక్షన్ 114-ఎ ఒక మెట్టు పెట్టింది. ఏ షరతు ఎలా తప్పారో నోటీసులో రాయాలి. సరిదిద్దుకోగలిగిన తప్పయితే సరిదిద్దుకోమని అడగాలి, అందుకు తగినంత గడువివ్వాలి. బాల్కనీలో సిగరెట్ మానేయడం, పీకలు ఊడ్చేయడం, మసి పట్టిన గోడకు రంగు వేయించడం అన్నీ సరిదిద్దుకునేవే. అలా చేస్తే ఖాళీ చేయించే దావాకు పునాదే ఉండదు.

ఓనర్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది దీని తర్వాతే. షరతు తప్పిన సంగతి తెలిసి కూడా ఆ తర్వాతి నెల అద్దె తీసుకుంటే, సెక్షన్ 112 ప్రకారం ఆ తప్పును వదిలేసినట్టే లెక్క. ఆరో తారీఖున నోటీసు ఇవ్వకుండా ఐదో తారీఖున వచ్చిన 22 వేలు ఫోన్‌లో జమ చేసుకున్న ఓనరు, ఎనిమిదో నెలలో ‘నాలుగో నెలలో సిగరెట్ కాల్చారు’ అని దావా వేస్తే నిలబడటం కష్టం. ఖాళీ చేయమని దావా వేశాక తీసుకున్న అద్దెకు మాత్రం ఈ నియమం వర్తించదు.

చుట్టాల విషయం దీనికంటే సున్నితమైనది. మూడు రోజుల పరిమితి దాటి తమ్ముడు రెండు వారాలు ఉన్నాడనుకోండి. మామూలుగా అది కూడా సరిదిద్దుకోగలిగిన తప్పే. కానీ ఓనరు తరఫు లాయరు తరచూ దానికి ‘సబ్‌లీజు’ అని పేరు పెడతారు. అందుకు కారణముంది. ఇంటిని వేరొకరికి అద్దెకివ్వకూడదు, అప్పగించకూడదు అనే షరతుకు సెక్షన్ 114-ఎ రక్షణ లేదు. అంటే దాన్ని తప్పినవాళ్లకు సరిదిద్దుకునే అవకాశం ఇవ్వనక్కర్లేదు. కాబట్టి తేడా ఎక్కడుందో చూడాలి. అసలు అద్దెదారు అక్కడే కాపురముంటూ ఇంటి మీద పట్టు వదలనంతకాలం, వచ్చినవాడు అతిథే. తాళాలు తమ్ముడికిచ్చి, అద్దె అతని దగ్గర వసూలు చేస్తూ, తాను బెంగళూరులో ఉంటే మాత్రం అది ఇంటిని అప్పగించడమే. తమ్ముడు ఎన్ని రోజులున్నాడన్నదాని కంటే, ఇల్లు ఎవరి చేతుల్లో ఉందన్నదే ముఖ్యం.

రాత్రి గేటు సంగతికొస్తే, ఫలానా వేళకు గేటు మూస్తామని రాసుకోవడం తప్పు కాదు. దొంగల భయం ఉన్న వీధిలో అది సబబు కూడా. అయితే గేటు మూయడం వేరు, అద్దెకున్న మనిషిని బయట నిలబెట్టడం వేరు. అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంతకాలం ఇంటిని ఎలాంటి ఆటంకం లేకుండా అనుభవించే హామీ సెక్షన్ 108(సి)లో ఉంది. నైట్ షిఫ్టు ముగించుకుని రాత్రి రెండింటికి వచ్చిన అమ్మాయిని ‘టైము దాటింది’ అని లోపలికి రానివ్వకపోతే, వెళ్లే హక్కు ఉన్నచోటికి వెళ్లకుండా అడ్డుకున్నట్టు అవుతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 126 కింద అది నేరం. వేళ దాటడం నిజంగా షరతు తప్పడమే అయినా, దానికి మందు నోటీసు, కోర్టు. తాళం కాదు. గేటుకు రెండో తాళంచెవి ఇవ్వమని సంతకానికి ముందే అడిగి, ఆ మాటను అగ్రిమెంటులో రాయించుకోవడం ఇలాంటివాళ్లకు ఎంతో మేలు.

నీళ్లు ఆపడం, కరెంటు తీసేయడం, సామాను బయటపెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. చట్టప్రకారం తప్ప మరో దారిలో ఎవరినీ స్వాధీనం నుంచి తొలగించకూడదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో గట్టిగా చెప్పింది. అలా బయటకు నెట్టబడినవాళ్లు ఆరు నెలల్లోగా నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద దావా వేసి, యాజమాన్య హక్కుల జోలికి పోకుండానే ఇల్లు తిరిగి పొందవచ్చు.

ఇక ‘ఒక్కో సిగరెట్‌కు 5,000 జరిమానా’ లాంటి షరతులు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే. దానికి లోబడి సబబైన పరిహారమే దక్కుతుంది. రంగు వేయించడానికి ఎంతైందో బిల్లు చూపిస్తే అడ్వాన్సులోంచి అంత పట్టుకోవచ్చు. నష్టమేమీ లేకుండా జరిమానా పేరుతో అడ్వాన్సు మింగేయడం కుదరదు.

పీజీ హాస్టళ్ల లెక్క మాత్రం వేరు. అమీర్‌పేటలో ఒక మంచం అద్దెకు తీసుకున్న కుర్రాడికి గది మొత్తం మీద పట్టు ఉండదు. వార్డెన్ ఎప్పుడైనా లోపలికి వస్తాడు, మంచం మార్చమంటే మార్చాలి. అలాంటి చోట ఉండేది సాధారణంగా కౌలు కాదు, ఉండటానికి అనుమతి మాత్రమే. కాగితం మీద ఏ పేరు రాశారన్నదానికంటే, ఇంటిని విడిగా అనుభవించే హక్కు ఇచ్చారా లేదా అన్నది ముఖ్యమని 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే పీజీలో సిగరెట్, చుట్టాలు, రాత్రి వేళల నియమాలకు బలం ఎక్కువ. పైన చెప్పిన 111(జి), 114-ఎ రక్షణలు అక్కడివాళ్లకు అందవు.

ఇంట్లో అద్దెకున్నవాళ్లకు ఇన్ని రక్షణలున్నా, ఓనరు చేతిలో ఒక బలమైన ఆయుధం మిగిలే ఉంటుంది. 11 నెలలు ముగిశాక కారణం చెప్పకుండానే అగ్రిమెంటు పొడిగించనని అనవచ్చు. గడువు తర్వాత కూడా అద్దె తీసుకుంటూ నెలనెలా సాగనిస్తే, ఖాళీ చేయించడానికి సెక్షన్ 106 కింద పదిహేను రోజుల నోటీసు ఇస్తే చాలు, షరతు తప్పారని నిరూపించాల్సిన పని లేదు. ఆ పదిహేను రోజులూ దాటినా వెళ్లకపోతే, ఓనరు వెళ్లాల్సింది కోర్టుకే.