మేనేజర్‌ని దాటి పైకి వెళ్లాల్సి వస్తే

2001 ఆగస్టులో అమెరికాలోని ఎన్రాన్ కంపెనీలో షెరన్ వాట్కిన్స్ అనే అధికారిణికి లెక్కల్లో మోసం కనిపించింది. నష్టాలు బయటపడకుండా వేరే సంస్థల ఖాతాల్లో దాచేస్తున్నారు. ఆ ఏర్పాట్ల వెనక ఉన్నది ఆమె పై అధికారి ఆండ్రూ ఫాస్టో. అందుకే ఆమె ఆయన దగ్గరికి వెళ్లలేదు. ఛైర్మన్ కెన్నెత్ లేకి ముందు పేరు లేకుండా ఉత్తరం రాసి, తర్వాత స్వయంగా కలిశారు.

మేనేజరే తప్పులో భాగమైనప్పుడు ఆయన్ని దాటడం న్యాయమే. ముందే ఆయనకు చెబితే కాగితాలు సర్దుకోవడానికి గడువిచ్చినట్టవుతుంది. లైంగిక వేధింపుల విషయంలో మన 2013 చట్టం కూడా మేనేజర్ ద్వారా రమ్మనలేదు. మూడు నెలల్లోగా నేరుగా అంతర్గత కమిటీకి రాసివ్వవచ్చు. ఇంక్రిమెంటు తక్కువైందనో, సెలవు ఇవ్వలేదనో అయితే మాత్రం మొదట మేనేజర్‌తోనే తేల్చుకోవాలి. నేరుగా పైకి వెళితే అది చాడీగానే మిగులుతుంది.

మేనేజర్ తప్పు చేయకపోయినా, పట్టించుకోకపోవడం వల్ల ప్రమాదం ముంచుకొచ్చే సందర్భాలూ ఉంటాయి. మందుల గోడౌన్‌లో గడువు తీరిన బ్యాచ్ ఒకటి శుక్రవారం లోడుకు సిద్ధంగా ఉందనుకోండి. సోమవారం నోటిమాటగా కాక మెయిల్‌లోనే మేనేజర్‌కి చెప్పండి. జవాబు రాకపోతే బుధవారం ఆయనతోనే అనండి: "సార్, రేపటిలోగా ఈ బ్యాచ్ ఆగకపోతే రీజనల్ మేనేజర్‌గారికి రాస్తాను, కాపీ మీకూ పెడతాను." సంబంధం చెడేది ఎక్కువగా వెనక నుంచి జరిగిందని తెలిసినప్పుడే. పైకి రాసే మెయిల్‌లో బ్యాచ్ నంబరు, గడువు తేదీ, మీరు ముందు ఎప్పుడు చెప్పారో ఉంటే చాలు. అడగాల్సింది ఒక్కటే, సరుకు ఆపమని. మేనేజర్ స్వభావం గురించి ఒక్క ముక్క రాసినా చదివేవారికి అది ఇద్దరి గొడవలా కనిపిస్తుంది.

వాట్కిన్స్ ఇవన్నీ జాగ్రత్తగానే చేశారు. ఏ లావాదేవీల్లో లోపముందో రాశారు. ఫాస్టో కింద నుంచి తనను మార్చమన్నారు. కంపెనీ లాయర్ల సంస్థకు ఆ లావాదేవీల్లోనే పాత్ర ఉంది కాబట్టి విచారణ వారికి ఇవ్వొద్దని కూడా కోరారు. లే మాత్రం వాళ్లకే అప్పగించారు, పెద్ద విచారణ అక్కర్లేదని వాళ్లు తేల్చారు. సంగతి తెలిసిన ఫాస్టో ఆమెను తీసేయించాలని చూశారు. ఆమెను వేరే విభాగానికి మార్చడంతో ఉద్యోగం నిలిచింది. డిసెంబరు 2న ఎన్రాన్ దివాలా పిటిషన్ వేసింది.

అందుకే ఫిర్యాదు చేతికిచ్చే ముందే అడగాలి: దీన్ని ఎవరెవరు చూస్తారు, విచారణ ఎవరు చేస్తారు, అప్పటిదాకా నేను ఎవరి కింద పనిచేయాలి? జవాబులను ఆ రోజే ఒక చిన్న మెయిల్‌లో రాసి ఆ పై అధికారికే పంపండి. కంపెనీ ఫైళ్లను మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, మిమ్మల్ని తీసేయడానికి అదొక్కటే సాకుగా చాలు.