రాయి విరగడం గాలి చేతిలో ఉంది

సున్నపురాయిని 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే పొడిసున్నం వస్తుందా? పుస్తకంలో పట్టిక చూసిన విద్యార్థి రాదనే అంటాడు. ఆ వేడిలో ఈ చర్యకు ప్రమాణ స్వేచ్ఛాశక్తి మార్పు, అంటే ΔG°, మోల్‌కు సుమారు +13.5 కిలోజౌళ్లు. గుర్తు ప్లస్ కాబట్టి చర్య తనంతట తాను జరగదని జవాబు రాసి పక్కన పెడతాడు. పల్నాడులో పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీల పని తెలిసినవాళ్ళను అడిగితే మాత్రం ముందు గాలి సంగతి ఎత్తుతారు. బట్టీలో గాలి ఆడుతోందా, పొగ నిలిచిపోయిందా అన్నది వాళ్ళకు ముఖ్యం. ఇక్కడ రసాయనశాస్త్రం బట్టీ వాళ్ళ పక్షానే ఉంది. విద్యార్థి చూసిన పట్టిక తప్పు కాదు గానీ, అది జవాబు చెప్పిన ప్రశ్న వేరు.

CaCO3 → CaO + CO2

పట్టికలో ఉన్న ΔG° ఒక ప్రత్యేక పరిస్థితికి సంబంధించిన అంకె. రాయి చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడ్ పీడనం సరిగ్గా ఒక అట్మాస్ఫియర్ ఉన్నప్పుడు ఏమవుతుందో అది చెబుతుంది (ఇప్పటి పుస్తకాలు ఒక బార్ అంటాయి, తేడా స్వల్పం). అంటే రాయిని దాదాపు స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్‌లో ముంచి కాల్చినట్టు లెక్క. ఏ బట్టీలోనూ పరిస్థితి అలా ఉండదు. ఉన్న పరిస్థితికి లెక్క కట్టాలంటే ఇంకో పదం కలపాలి:

ΔG = ΔG° + RT ln Q

ఇందులో Q అంటే రియాక్షన్ కోషెంట్. ఈ క్షణాన పుట్టిన పదార్థాలు ఎంత ఉన్నాయి, మొదటి పదార్థాలు ఎంత ఉన్నాయి అన్న నిష్పత్తి అది. సున్నపురాయి విషయంలో ఇది చాలా సులువు. రాయి, సున్నం రెండూ విడివిడి ఘనపదార్థాలు. గులకరాయంత ఉన్నా లారీలోడంత ఉన్నా వాటి విలువ ఒకటే. మిగిలేది వాయువు ఒక్కటే కాబట్టి Q అంటే కార్బన్ డయాక్సైడ్ పీడనమే, అట్మాస్ఫియర్లలో.

ఇప్పుడు 800 డిగ్రీల దగ్గరే ఉండి గాలిని మాత్రం మార్చి చూద్దాం. కార్బన్ డయాక్సైడ్ ఒక అట్మాస్ఫియర్ ఉంటే ln 1 సున్నా కాబట్టి పట్టికలోని +13.5 అలాగే ఉంటుంది, రాయి విరగదు. బట్టీ పొగలో 40 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉందనుకుంటే Q విలువ 0.4, లెక్క సుమారు +5.3 దగ్గర తేలుతుంది. ఇంకా ప్లస్సే. అంటే ఆ పొగలో రాయి విరగకపోగా, అప్పటికే తయారైన సున్నం ఉంటే అది వాయువును పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. ఊదరతో గాలి కొట్టి కార్బన్ డయాక్సైడ్‌ను 5 శాతానికి దించితే లెక్క సుమారు -13 కి దిగుతుంది. అదే రాయి, అదే వేడి, ఇప్పుడు చర్య ముందుకు నడుస్తుంది. 800 డిగ్రీల దగ్గర ఈ వాయువు పదో వంతుకు తగ్గిన ప్రతిసారీ ΔG లో 20.5 కిలోజౌళ్లు తగ్గుతాయి. అందుకే పది పన్నెండు కిలోజౌళ్ల ప్లస్ గుర్తు చూసి భయపడనక్కర్లేదు.

ప్లస్, మైనస్‌ల మధ్య హద్దు 0.22 అట్మాస్ఫియర్ దగ్గర ఉంది. అక్కడ ΔG సున్నా, ఎటూ మొగ్గు లేదు. ఆ విలువనే సమతాస్థితి స్థిరాంకం K అంటారు. సూత్రాన్ని ΔG = RT ln(Q/K) అని కూడా రాయొచ్చు. నా మటుకు పిల్లలకు ముందు ఈ రూపమే చెప్పాలనిపిస్తుంది. Q విలువ K కంటే తక్కువైతే చర్య ముందుకు, ఎక్కువైతే వెనక్కి. ΔG° చేసే పని K ఎక్కడుందో చెప్పడం వరకే.

గాలి పోవడానికి దారే లేకపోతే? ఒక లీటరు పాత్రలోని గాలంతా తీసేసి, పది గ్రాముల సున్నపురాయి పెట్టి, గట్టిగా మూసి 800 డిగ్రీల దగ్గర ఉంచామనుకోండి. మొదట్లో Q దాదాపు సున్నా కాబట్టి రాయి విరగడం మొదలవుతుంది. విరిగేకొద్దీ వాయువు చేరుతుంది, మొగ్గు తగ్గుతూ వస్తుంది. పీడనం 0.22 కి చేరగానే ఆగిపోతుంది. లెక్క వేస్తే అప్పటికి విరిగింది పావు గ్రాము మాత్రమే. పది గ్రాములకు బదులు వంద గ్రాములు పెట్టినా ఆ పావు గ్రామే. మూత తీసి వాయువును పోనిస్తే మాత్రం మొత్తం రాయి విరిగిపోతుంది.

బట్టీలో చిక్కు ఏమిటంటే, పొగ గొట్టం దగ్గర కొలిచిన Q రాయి లోపలి Q కాదు. రాయి పైపొర ముందు సున్నమై, చర్య నెమ్మదిగా లోపలికి జరుగుతుంది. గర్భంలో పుట్టిన వాయువు సన్నటి రంధ్రాల గుండా బయటికి రావాలి. పెద్ద రాయిలో అది లోపలే పేరుకుంటుంది, పీడనం ఒక అట్మాస్ఫియర్‌కు దగ్గరవుతుంది. అంత పీడనంలోనూ రాయి విరగాలంటే సుమారు 900 డిగ్రీలు కావాలి. పైన 800 చాలినా నడుమ చాలదు. అలాంటి ముద్ద మీద నీళ్ళు పోస్తే పైభాగం బుసబుసమని పొంగి పిండవుతుంది, నడిమి రాయి అలాగే మిగులుతుంది. దాని మీద ఒక చుక్క యాసిడ్ వేస్తే బుడగలు వస్తాయి, అది ఇంకా సున్నపురాయే అని తెలిసిపోతుంది. అందుకే రాళ్ళను ఒకే సైజుకు కొట్టి వేస్తారు, మంటను 900 కంటే బాగా పైనే ఉంచుతారు. అలాగని మరీ ఎక్కువ కాలిస్తే సున్నం గట్టిపడి, నీళ్ళు పోసినా తొందరగా విచ్చుకోదు.

ఇదే లెక్కను అటు నుంచి ఇటు వాడుకున్న ప్రయోగం ఒకటి చరిత్రలో ఉంది. స్కాట్లాండు భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ భూమి లోతుల్లో సున్నపురాయి విపరీతంగా వేడెక్కినా విరగకుండా ఉంటుందని, పైనున్న బరువే అందుకు కారణమని వాదించాడు. బయట కాలిస్తే సున్నమయ్యే రాయి లోపల ఎందుకు కాదని విమర్శకులు ఎగతాళి చేశారు. 1797లో హట్టన్ చనిపోయాక ఆయన మిత్రుడు సర్ జేమ్స్ హాల్ సుద్దపొడిని తుపాకీ గొట్టాల్లో దట్టించి, మూతులు బిగించి కొలిమిలో కాల్చాడు. కొన్ని గొట్టాలు పగిలిపోయాయి. పగలకుండా నిలిచిన వాటిలో దొరికింది సున్నం కాదు, పాలరాయిలాంటి గట్టి రాయి. బయటికి పోలేని వాయువు Q ని K దాకా పెంచి రాయిని కాపాడింది. ఈ సంగతిని స్వేచ్ఛాశక్తి భాషలో చెప్పడానికి వీలు కల్పించిన విలార్డ్ గిబ్స్ అప్పటికి పుట్టనేలేదు.

మామూలు గది వేడిలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ K విలువ 10⁻²³ ప్రాంతంలో ఉంటుంది. మనం పీల్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.0004 అట్మాస్ఫియర్. చూడ్డానికి చాలా తక్కువే గానీ K తో పోలిస్తే లెక్కకు అందనంత ఎక్కువ. కాబట్టి సున్నం మళ్ళీ రాయి అయ్యే వైపే మొగ్గు, అదీ మోల్‌కు సుమారు 110 కిలోజౌళ్ల బలంతో. నీళ్ళు కలిపిన తడిసున్నానిదీ అదే దారి, మొగ్గు అందులో సగం దాకా ఉంటుంది. గోడకు వేసిన వెల్ల గట్టిపడేది ఇలాగే.

ఇక్కడ సూత్రం చెప్పనిది ఒకటుంది. ΔG గుర్తు ఎటు వెళ్తుందో చెబుతుంది, ఎప్పుడు చేరుతుందో చెప్పదు. తేమ తగలకుండా మూసిపెట్టిన పొడిసున్నం అంత మొగ్గు ఉండి కూడా నెలల తరబడి సున్నంగానే ఉంటుంది. గాలిలోని వాయువు ముందు నీటిలో కరిగితేనే చర్య చురుగ్గా నడుస్తుంది. మండుటెండలో వేసిన వెల్ల, నీరు తొందరగా ఆరిపోయి చర్య సగంలో నిలిచి, చేత్తో తుడిస్తే తెల్లగా అంటుకుంటుంది. సున్నపు పని బాగా తెలిసిన మేస్త్రీలు కొత్త పూత మీద కొన్ని రోజులు నీళ్ళు చిలకరిస్తూ ఉండేది అందుకే.