రీసైకిల్డ్ నంబర్

రద్దైన మొబైల్ నంబరును టెలికాం సంస్థ కనీసం 90 రోజులు పక్కన ఉంచి మరొకరికి కేటాయిస్తే దానిని రీసైకిల్డ్ నంబర్ అంటారు. ఈ గడువు ప్రస్తావన 2023 నవంబరులో సుప్రీంకోర్టులోనూ వచ్చింది. నంబరు చేతులు మారినా, దానిపై పాత వ్యక్తి తెరిచిన ఖాతాలు వాటంతట అవి మూతపడవు. తిరుపతిలో కొత్త సిమ్ తీసుకున్న విద్యార్థికి తన నంబరు మీద వాట్సాప్‌లో అపరిచితుని ఫొటో కనిపిస్తే, ఆ నంబరును తన ఫోనులో నమోదు చేసి, ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆరంకెల కోడుతో ధ్రువీకరించాలి. పాత ఖాతా 45 రోజులుగా వాడుకలో లేకుంటే దాని వివరాలు తొలగిపోతాయి. పాత వ్యక్తి రెండంచెల పిన్ పెట్టుకుని ఉంటే మాత్రం ఏడు రోజులు ఆగక తప్పదు. బ్యాంకు ఖాతాకు ఈ మార్గం వర్తించదు: ఓటీపీ చేతికి వచ్చినంత మాత్రాన పరుల ఖాతాలోకి ప్రవేశించరాదు, నంబరును దాని నుంచి తొలగించమని బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి.