ఖాళీ ప్లేటు

లాడ్ బజారులో గాజుల దుకాణాన్ని ఫోటో తీస్తే, పక్కన ఆగిన ఆటో నంబరు కూడా స్పష్టంగా పడింది. మసకబారిస్తే చాలదు, అంకెల ఆకారం మిగిలితే పోల్చుకోవచ్చు. ఫోన్‌లోని హైలైటర్‌తో నల్లగా పులిమినా, దాని రంగు పలుచన కాబట్టి వెలుతురు పెంచగానే అంకెలు తేలతాయి. అందుకే ప్లేటు అంచునున్న పసుపు రంగునే తీసుకుని, అంకెల మీద చిక్కగా నింపాను. నీడ పడిన కింది భాగానికి కాస్త ముదురు పసుపు వేశాను, లేకపోతే అతుకు వేసినట్టుంటుంది.

తర్వాత ఫోటోను పెద్దది చేసి వెతికితే, ఆటో పక్కన రాసిన అదే నంబరు, దుకాణం అద్దంలో తిరగబడిన దాని నీడ దొరికాయి. అవీ చెరిపాను. చివరికి అన్నీ ఒకే పొరగా కలిపి కొత్త జేపీఈజీ ఫైలు చేశాను. పొరలున్న ఫైలు పంపితే, పైపొర తీసి అసలు నంబరు చదివేయొచ్చు.